సగటు ఒక్కటే, సెక్షన్లు రెండు: విస్తృతి, ప్రామాణిక విచలనం చేతితో లెక్కకట్టి అర్థం చేసుకోవడం

తిరుపతిలో ఒక హైస్కూలు అనుకుందాం. పదో తరగతిలో ఏ, బీ అని రెండు సెక్షన్లు. గణితం పరీక్ష వంద మార్కులకు పెట్టారు, పేపర్లు దిద్దారు, టోటళ్లు వేశారు. రెండు సెక్షన్ల సగటూ 60 వచ్చింది. హెడ్మాస్టరు గారి బల్ల మీదికి ఆ ఒక్క సంఖ్యే వెళితే రెండు సెక్షన్లూ ఒకేలా చదువుతున్నాయనిపిస్తుంది. ఇద్దరు మాస్టర్లకూ ఒకే సలహా వెళ్తుంది. అసలు మార్కులు చూస్తే ఆ సలహా ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది.

చేతితో చేయడానికి వీలుగా సెక్షన్‌కి పదిమందినే తీసుకున్నాం. మార్కులు లెక్క కోసం కూర్చినవి. నలభైమంది ఉన్నా పద్ధతి ఇదే, కాగితం మాత్రం పొడుగవుతుంది.

ఏ సెక్షన్: 52, 55, 57, 58, 60, 60, 62, 63, 65, 68

బీ సెక్షన్: 28, 34, 41, 50, 60, 66, 72, 78, 83, 88

రెండింటి మొత్తం 600, సగటు 60. ఏ సెక్షన్‌లో అందరూ 60 చుట్టూనే ఉన్నారు. బీలో ఇద్దరు పాస్ మార్కు 35 కూడా దాటలేదు, మరో ఇద్దరు 80 దాటారు. ఈ తేడా కంటికి కనిపిస్తూనే ఉంది. దాన్ని ఒక సంఖ్యగా మార్చి, వేరే పరీక్షతోనో వేరే బడితోనో పోల్చడానికి వీలుగా చేసేవే విస్తృతి, ప్రామాణిక విచలనం.

మొదటి మెట్టు: మార్కులు వరుసలో పెట్టి సగటు తీయండి

రిజిస్టరులో ఉన్న రోల్ నంబర్ల క్రమంలో కాకుండా, తక్కువ నుంచి ఎక్కువకు రాసుకోండి. లెక్కకు ఈ క్రమం అవసరం లేదు, ఎలా రాసినా జవాబు మారదు. కానీ క్రమంలో రాస్తే 62కి బదులు 26 పడిన పొరపాటు వెంటనే కంటికి తగులుతుంది, చివర్లో జవాబు సరిచూసుకోవడానికీ పనికొస్తుంది. టోటలు పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి వేయండి. సగటు తప్పితే ఆ తర్వాత వేసే ప్రతి అంకే తప్పుతుంది.

రెండో మెట్టు: ఒక్కొక్కరు సగటుకు ఎంత దూరంలో ఉన్నారో రాయండి

ప్రతి మార్కులోంచి 60 తీసేయండి. వచ్చేదాన్ని విచలనం అంటారు. సగటు కన్నా తక్కువ వచ్చినవాళ్లకు మైనస్, ఎక్కువ వచ్చినవాళ్లకు ప్లస్. గుర్తు వదిలేయకుండా రాయండి, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

| ఏ మార్కు | విచలనం | వర్గం | బీ మార్కు | విచలనం | వర్గం |
|---|---|---|---|---|---|
| 52 | −8 | 64 | 28 | −32 | 1024 |
| 55 | −5 | 25 | 34 | −26 | 676 |
| 57 | −3 | 9 | 41 | −19 | 361 |
| 58 | −2 | 4 | 50 | −10 | 100 |
| 60 | 0 | 0 | 60 | 0 | 0 |
| 60 | 0 | 0 | 66 | 6 | 36 |
| 62 | 2 | 4 | 72 | 12 | 144 |
| 63 | 3 | 9 | 78 | 18 | 324 |
| 65 | 5 | 25 | 83 | 23 | 529 |
| 68 | 8 | 64 | 88 | 28 | 784 |
| మొత్తం | 0 | 204 | మొత్తం | 0 | 3978 |

ఇక్కడ ఆగి విచలనాల వరుసను కూడండి. సున్నా రావాలి. బీలో మైనస్‌లు 32 + 26 + 19 + 10, అంటే 87. ప్లస్‌లు 6 + 12 + 18 + 23 + 28, అదీ 87. రెండూ సరిపోయాయి. సున్నా రాకపోతే సగటు తప్పయినా ఉండాలి, తీసివేతలో ఎక్కడో గుర్తో అంకో జారి అయినా ఉండాలి. అది సరిచేయకుండా ముందుకు వెళ్లకండి. వర్గాలు చేశాక గుర్తులు కనబడవు కాబట్టి ఈ తప్పు పట్టుకునే అవకాశం మళ్లీ దొరకదు.

విచలనాల మొత్తం ఎప్పుడూ సున్నాయే కాబట్టి, వాటి సగటు తీసి 'ఎంత చెదిరి ఉన్నారు' అని చెప్పలేం. ఏ సెక్షన్‌కీ సున్నా, బీ సెక్షన్‌కీ సున్నా. గుర్తును ఎలాగో తీసేయాలి.

మూడో మెట్టు: ప్రతి విచలనాన్నీ వర్గం చేయండి

వర్గం చేస్తే మైనస్ పోతుంది. ఇక్కడ శ్రద్ధగా వినే పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. గుర్తు పోవడమే కావాలంటే మైనస్ కొట్టేసి దూరాలనే కూడొచ్చు కదా, వర్గం ఎందుకు? మంచి ప్రశ్న. అలా చేసే కొలత కూడా ఉంది, దాన్ని మధ్యమ విచలనం అంటారు. ఏ సెక్షన్‌కి అది 3.6, బీకి 17.4. తేడాను అదీ చూపిస్తుంది. మరి వర్గం వల్ల అదనంగా వచ్చేదేమిటి?

నలుగురే ఉన్న రెండు చిన్న బృందాలు తీసుకోండి. రెండింటి సగటూ 60. మొదటి బృందం 50, 50, 70, 70. రెండోది 40, 60, 60, 80. గుర్తు కొట్టేసి దూరాలు కూడితే రెండింటికీ 40 వస్తుంది, నలుగురికి పంచితే 10. అంటే మధ్యమ విచలనానికి ఈ రెండు బృందాలూ ఒక్కటే. వర్గాలు చేస్తే మొదటిదానికి 100 చొప్పున నాలుగు, మొత్తం 400. రెండోదానికి 400, 0, 0, 400, మొత్తం 800. రెట్టింపు తేడా. దూరం రెండింతలైతే వర్గం నాలుగింతలవుతుంది కాబట్టి, సగటుకు బాగా దూరంగా ఉన్నవాళ్లకు ఈ లెక్కలో బరువు ఎక్కువ. బడిలో మనకు ఎక్కువ ఆందోళన కలిగించేది కూడా అలా దూరంగా పడిపోయిన పిల్లలే. బీ సెక్షన్ పట్టికే చూడండి. 28 వచ్చిన ఒక్కరి వర్గమే 1024, ఏ సెక్షన్ పదిమంది వర్గాల మొత్తానికి అయిదు రెట్లు.

వర్గం వైపు మొగ్గడానికి ఇంకా గట్టి కారణం ఒకటి ఉంది. అది రెండు సెక్షన్లను కలిపినప్పుడు చివర్లో కనిపిస్తుంది.

నాలుగో మెట్టు: వర్గాల సగటు తీయండి. అదే విస్తృతి

ఏ సెక్షన్: 204 ÷ 10 = 20.4

బీ సెక్షన్: 3978 ÷ 10 = 397.8

సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది:

```
σ² = Σ(x − x̄)² / n
```

సూత్రం భయపెట్టేలా ఉన్నా అందులో ఉన్నది మనం ఇప్పటిదాకా చేసిన పనే. σ² విస్తృతి, x ఒక్కొక్క మార్కు, x̄ సగటు, n ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్య, Σ అంటే అన్నీ కూడమని.

ఈ 397.8ని 'మార్కులు' అని చదవకండి. విచలనాన్ని విచలనంతోనే గుణించాం కాబట్టి ఇది మార్కుల వర్గం. వంద మార్కుల పరీక్షలో 397 ఎలా వచ్చిందని పిల్లలు తికమకపడేది ఇక్కడే. పొడవును మీటర్లలో కొలిచి, వైశాల్యాన్ని చదరపు మీటర్లలో చెప్పినట్టు. రెండు సెక్షన్ల విస్తృతులను పక్కపక్కన పెట్టి బీ 'పంతొమ్మిది రెట్లు ఎక్కువ చెదిరింది' అని చెప్పడం కూడా పొరపాటే. దూరాల్లో ఉన్న తేడా వర్గం వల్ల ఉబ్బింది.

అయిదో మెట్టు: వర్గమూలం తీయండి. అదే ప్రామాణిక విచలనం

వర్గమూలంతో మళ్లీ మార్కుల్లోకి వస్తాం. క్యాలిక్యులేటరు లేకపోయినా ఇబ్బంది లేదు. 20.4కి దగ్గరలో 4.5 × 4.5 = 20.25 ఉంది, కొంచెం తక్కువైంది. 4.52 × 4.52 వేస్తే 20.43, కొంచెం ఎక్కువైంది. రెండు దశాంశాలకు 4.52 సరిపోతుంది. 397.8 అయితే 400కి కాస్త తక్కువ, కాబట్టి వర్గమూలం 20కి కాస్త తక్కువ. కచ్చితంగా తీస్తే 19.94.

ఏ సెక్షన్: సగటు 60, ప్రామాణిక విచలనం 4.52 మార్కులు

బీ సెక్షన్: సగటు 60, ప్రామాణిక విచలనం 19.94 మార్కులు

జవాబు నమ్మదగినదేనా అని చూడటానికి ఒక తేలిక పరీక్ష ఉంది. మీరు రాసిన విచలనాల్లో, గుర్తు వదిలేసి చూస్తే, అన్నిటికన్నా పెద్దదాన్ని ప్రామాణిక విచలనం ఎప్పుడూ దాటదు. ఏ సెక్షన్‌లో పెద్ద విచలనం 8, మన జవాబు 4.52. బీలో పెద్దది 32, జవాబు 19.94. ఎవరికైనా ఏ సెక్షన్‌కి 20.4 వచ్చిందంటే వర్గమూలం తీయడం మరిచిపోయి విస్తృతినే రాశారని అర్థం. జవాబు పత్రాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. అలాగే, మధ్యమ విచలనం కన్నా ప్రామాణిక విచలనం తక్కువగా రాదు. 3.6కి 4.52, 17.4కి 19.94, రెండూ సరిగానే ఉన్నాయి.

ఈ సంఖ్యను ఎలా చదవాలి

ఏ సెక్షన్‌లో సగటుకు అటూ ఇటూ ఒక ప్రామాణిక విచలనం దూరం తీసుకుంటే 55.48 నుంచి 64.52 దాకా వస్తుంది. అందులో 57, 58, 60, 60, 62, 63 వచ్చిన ఆరుగురు ఉన్నారు. బీ సెక్షన్‌లో అదే పట్టీ 40.06 నుంచి 79.94 దాకా సాగుతుంది. అందులో ఉన్నదీ ఆరుగురే: 41, 50, 60, 66, 72, 78. ఆరుగురిని పట్టడానికి ఏ సెక్షన్‌లో తొమ్మిది మార్కుల వెడల్పు చాలింది, బీలో దాదాపు నలభై మార్కుల వెడల్పు కావాల్సి వచ్చింది.

'ఒక ప్రామాణిక విచలనం లోపల 68 శాతం మంది ఉంటారు' అనే వాక్యం చాలా నోట్సుల్లో షరతు లేకుండా కనిపిస్తుంది. అది గంట ఆకారంలో ఉండే సామాన్య విభాజనానికి మాత్రమే చెప్పిన మాట. పదిమంది మార్కులకు దాన్ని అంటగట్టకండి. ఏ ఆకారంలో ఉన్న మార్కులకైనా చెల్లే మాట ఒకటుంది: సగటుకు అటూ ఇటూ రెండు ప్రామాణిక విచలనాల లోపల కనీసం నాలుగింట మూడు వంతుల మంది ఉండి తీరతారు. దీన్ని చెబిషెవ్ అసమానత అంటారు. మన రెండు సెక్షన్లలోనూ పదికి పదిమందీ ఆ హద్దులోనే ఉన్నారు.

ఒకే మార్కు రెండు సెక్షన్లలో ఒకే మాట చెప్పదు. ఏ సెక్షన్‌లో 68 అంటే సగటుకు 8 మార్కులు పైన, అంటే 8 ÷ 4.52, దాదాపు 1.77 ప్రామాణిక విచలనాలు పైన. సెక్షన్ ఫస్టు అదే. బీలో 68 తెచ్చుకుంటే 8 ÷ 19.94, కేవలం 0.4 దూరం. పై నలుగురి తర్వాతే చోటు. బీలో 1.77 స్థాయికి చేరాలంటే 95 దాకా రావాలి. దీన్నిబట్టి ఏ సెక్షన్ 68, బీ సెక్షన్ 95 ఒకే చదువు అని మాత్రం అనకండి. ఇది తోటివాళ్ల మధ్య స్థానం చెబుతుంది, వచ్చిన గణితం ఎంతో చెప్పదు.

20 అని తేలాక ఇంకో పని మిగిలే ఉంది

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆగకూడదు. బీ సెక్షన్ ప్రామాణిక విచలనం సుమారు 20. సగటు 60, ప్రామాణిక విచలనం 20 ఉన్న సెక్షన్లు ఇంకెలా ఉండగలవో చూడండి.

అయిదుగురికి 40, అయిదుగురికి 80 వచ్చాయనుకోండి. సగటు 60. ప్రతి విచలనమూ 20యే, ప్రతి వర్గమూ 400యే, కాబట్టి ప్రామాణిక విచలనం సరిగ్గా 20. సగటు మార్కు దగ్గర ఒక్కరు కూడా లేరు. సెక్షన్ రెండు ముక్కలుగా ఉంది.

ఇప్పుడు ఆరుగురికి 67, ముగ్గురికి 66, ఒకరికి 0 అనుకోండి. మొత్తం 402 + 198, అంటే 600. సగటు మళ్లీ 60. వర్గాల మొత్తం 6 × 49 + 3 × 36 + 3600, అంటే 4002. విస్తృతి 400.2, ప్రామాణిక విచలనం మళ్లీ 20. ఈ సెక్షన్‌లో చెదరడమే లేదు. తొమ్మిదిమంది ఒక్క మార్కు తేడాలో ఉన్నారు. 20 అనే సంఖ్య మొత్తం ఒక్క సున్నా నుంచి పుట్టింది.

మూడు చోట్లా సగటు 60, ప్రామాణిక విచలనం 20. మాస్టరు చేయాల్సిన పని మాత్రం మూడు చోట్లా వేరు. మన బీ సెక్షన్‌లో మెట్లుమెట్లుగా ఉన్నారు కాబట్టి 28, 34, 41 వాళ్లకు కిందటి తరగతి పాఠాల నుంచి విడిగా చెప్పాలి, 78 పైవాళ్లకు కఠినమైన లెక్కలివ్వాలి, మధ్యవాళ్లకు మామూలు క్లాసు చాలు. రెండు ముక్కలైన సెక్షన్‌లో ముందు ఆ రెండు గుంపులను విడదీసేదేమిటో వెతకాలి. చంద్రగిరి, రేణిగుంట వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లకు మొదటి పీరియడు రోజూ పోతోందేమో, కిందటేడు వేరే మీడియంలో చదివి వచ్చారేమో హాజరు పట్టీ, అడ్మిషన్ రిజిస్టరు పక్కన పెట్టుకుని చూడాలి. మూడో సెక్షన్‌లో పిలిచి మాట్లాడాల్సింది ఒక్క విద్యార్థితోనే.

అందుకే మొదటి మెట్టులో మార్కులు వరుసలో రాయమన్నది. కాగితం మీద 0 నుంచి 100 దాకా ఒక గీత గీసి, ఒక్కో మార్కు దగ్గర ఒక్కో చుక్క పెట్టండి. రెండు నిమిషాల పని. ప్రామాణిక విచలనం ఎంత చెదిరారో చెబుతుంది, ఎలా చెదిరారో ఆ చుక్కలే చెబుతాయి.

దగ్గరి దారి, అందులో ఉన్న గుంత

విచలనాలు రాయకుండానే విస్తృతి తీసే సూత్రం ఉంది. మార్కుల వర్గాల సగటులోంచి సగటు వర్గాన్ని తీసేయడం:

```
σ² = Σx² / n − x̄²
```

ఏ సెక్షన్ మార్కుల వర్గాలన్నీ కూడితే 36204. పదికి పంచితే 3620.4. అందులోంచి 60 వర్గం 3600 తీస్తే 20.4. అదే జవాబు, తక్కువ పని. సగటు పూర్ణ సంఖ్య అయినంతసేపు ఇబ్బంది లేదు.

రీటోటలింగ్‌లో 52, 55, 57 వచ్చిన ముగ్గురికి తలో మార్కు పెరిగిందనుకోండి. మొత్తం 603, సగటు 60.3. వర్గాల మొత్తం 36535, దాని సగటు 3653.5. సరిగ్గా చేస్తే 60.3 వర్గం 3636.09 కాబట్టి విస్తృతి 17.41, ప్రామాణిక విచలనం 4.17. ఇప్పుడు ఎవరో సౌకర్యం కోసం సగటును 60కి సవరించారు. 3653.5 − 3600 = 53.5, ప్రామాణిక విచలనం 7.31. సగటులో మూడు పదో వంతుల మార్కు వదిలేసినందుకు జవాబు దాదాపు రెండింతలకు దగ్గరైంది.

అదే 60ని మొదటి పద్ధతిలో వాడి విచలనాలు తీస్తే వర్గాల మొత్తం 175, విస్తృతి 17.5. నిజం 17.41. తేడా 0.09 మాత్రమే. ఒకే సవరణ ఒక చోట 36 తప్పు తెచ్చింది, ఇంకో చోట 0.09 తెచ్చింది. కారణం ఇది: నిజమైన సగటు బదులు వేరే సంఖ్య నుంచి దూరాలు తీస్తే, వర్గాల సగటు ఆ రెండు సంఖ్యల తేడా వర్గమంత మాత్రమే పెరుగుతుంది. 0.3 వర్గం 0.09. దగ్గరి దారిలో అయితే రెండు పెద్ద సంఖ్యలను తీసివేస్తున్నాం, ఆ పెద్ద సంఖ్యలో పడిన తప్పంతా మిగిలిన చిన్న జవాబు మీద పడుతుంది.

సగటును పైకి సవరిస్తే తప్పు ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. 60.6ను 61 అనుకుంటే 48.64 ఎక్కువగా తీసేస్తాం, ఏ లాంటి సెక్షన్‌కి విస్తృతి మైనస్‌లోకి పోతుంది. వర్గాల సగటు మైనస్ కావడం అసాధ్యం. అలా వచ్చిందంటే ఎక్కడో సగటును సవరించారనో, వర్గం తప్పు వేశారనో ఖాయం. దగ్గరి దారి పట్టేటప్పుడు సగటును దశాంశాలతో సహా ఉంచండి, లేదా భిన్నంగానే ఉంచి చివర్లో భాగించండి.

పదా, తొమ్మిదా

కంప్యూటరులో వేసేవాళ్లు తరచూ చేత్తో చేసిన జవాబుతో సరిపోవడం లేదని ఆగిపోతారు. ఏ సెక్షన్‌కి 4.52 రావాల్సిన చోట 4.76 వస్తుంది, బీకి 19.94 బదులు 21.02 వస్తుంది. తప్పు ఎవరిదీ కాదు, కంప్యూటరు పదికి బదులు తొమ్మిదితో భాగించింది.

మన దగ్గర ఉన్నది సెక్షన్ మొత్తం మార్కులైతే మందితోనే, అంటే n తోనే భాగించాలి. నలభైమందిలో పదిమంది పేపర్లు మాత్రమే తీసుకుని, వాటినిబట్టి నలభైమంది ఎంత చెదిరి ఉంటారో అంచనా కడుతుంటే n − 1 తో భాగించాలి. ఎందుకంటే నలభైమంది అసలు సగటు మనకు తెలియదు, చేతిలో ఉన్న పదిమంది సగటునే వాడుతున్నాం. ఆ పదిమంది మార్కులకు తమ సొంత సగటే అన్నిటికన్నా దగ్గరి సంఖ్య. ఏ సెక్షన్‌లో 60 నుంచి తీస్తే వర్గాల మొత్తం 204. అదే 62 నుంచి తీస్తే 244. ఏ వేరే సంఖ్య నుంచి తీసినా 204 కన్నా పెరగాల్సిందే. కాబట్టి సొంత సగటు వాడినప్పుడల్లా చెదురు నిజం కన్నా కొంచెం తక్కువగా పడుతుంది. తొమ్మిదితో భాగించడం ఆ లోటును పూడుస్తుంది. పదిమందిలో ఈ తేడా కనిపిస్తుంది, నలభైమందిలో ప్రామాణిక విచలనం ఒకటింబావు శాతం మాత్రమే మారుతుంది.

ఎక్సెల్ షీటులో ఏ సెక్షన్ మార్కులు A2 నుంచి A11 దాకా ఉంటే:

```
=AVERAGE(A2:A11)
=VAR.P(A2:A11)
=STDEV.P(A2:A11)
=STDEV.S(A2:A11)
```

చివర P ఉన్నవి n తో, S ఉన్నవి n − 1 తో భాగిస్తాయి. ఏమీ లేకుండా STDEV అని రాస్తే అది n − 1 లెక్క. క్యాలిక్యులేటరులో అయితే σ గుర్తున్నది n లెక్క, s గానీ n−1 గానీ కనిపించేది రెండోది.

దీనికన్నా పెద్ద నష్టం చేసేది పరీక్షకు రాని విద్యార్థి గడి. ఏ సెక్షన్‌లో పదకొండో విద్యార్థి ఆబ్సెంట్, మార్కుల షీటులో ఎవరో 0 కొట్టారు. సగటు 54.55కి పడిపోతుంది, ప్రామాణిక విచలనం 4.52 నుంచి 17.78కి ఎగురుతుంది. అందరూ దగ్గర దగ్గరగా ఉన్న సెక్షన్ కాగితం మీద బీ సెక్షన్‌లా కనిపిస్తుంది. గడి ఖాళీగా వదిలినా, AB అని అక్షరాలు కొట్టినా పైన ఇచ్చిన ఫంక్షన్లు దాన్ని లెక్కలోకి తీసుకోవు. షీటు చేతికి రాగానే సున్నాలు ఎన్ని ఉన్నాయో చూసి, ఒక్కో సున్నా హాజరు పట్టీతో సరిచూడండి.

మార్కులు కలిపినా కుదించినా ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. ప్రశ్న తప్పు పడిందని అందరికీ 5 మార్కులు కలిపితే సగటు 65 అవుతుంది, విస్తృతి, ప్రామాణిక విచలనం కదలవు. వందను యాభైకి కుదిస్తే ప్రామాణిక విచలనం సగమవుతుంది, విస్తృతి నాలుగో వంతవుతుంది. కాబట్టి వంద మార్కుల పరీక్షలో 19.94ను యాభై మార్కుల పరీక్షలో 9.97తో పోల్చి 'తేడాలు తగ్గాయి' అని రాయకండి. అక్కడ మారింది కొలబద్ద మాత్రమే.

రెండు సెక్షన్లను కలిపి ఒక్క సంఖ్య చెప్పమంటే

పదో తరగతి మొత్తానికి ప్రామాణిక విచలనం ఎంత అని అడిగితే 4.52, 19.94 కూడి సగం చేసి 12.23 అని రాసేవాళ్లు ఉన్నారు. అది తప్పు. ప్రామాణిక విచలనాలు సగటు వేయడానికి లొంగవు, విస్తృతులే లొంగుతాయి. రెండు సెక్షన్ల సగటూ 60 కాబట్టి వర్గాల మొత్తాలను నేరుగా కలపొచ్చు: 204 + 3978 = 4182. ఇరవైమందికి పంచితే విస్తృతి 209.1, ప్రామాణిక విచలనం 14.46.

సగటులు వేరైతే ఇంకొక ముక్క చేరుతుంది. బీ సెక్షన్‌లో అందరికీ 10 మార్కులు పెరిగాయనుకోండి. దాని సగటు 70, చెదురు మాత్రం అదే. ఇరవైమంది సగటు 65. ఇప్పుడు ఒక్కో సెక్షన్ సగటు ఉమ్మడి సగటుకు 5 మార్కుల దూరంలో ఉంది. పైన దగ్గరి దారి దగ్గర చూసిన నియమమే ఇక్కడా పనిచేస్తుంది: 65 రెండు సెక్షన్లలో దేనికీ సొంత సగటు కాదు కాబట్టి, ప్రతి సెక్షన్ వర్గాల సగటూ 5 వర్గమంత, అంటే 25, పెరుగుతుంది. మొత్తం విస్తృతి 209.1 + 25 = 234.1. ప్రామాణిక విచలనం 15.30.

ఇందులో 209.1 సెక్షన్ల లోపలి తేడాల వల్ల వచ్చింది, 25 సెక్షన్ల మధ్య తేడా వల్ల వచ్చింది. రెండూ కూడితే సరిగ్గా మొత్తం వస్తుంది, ఏమీ మిగలదు, ఏమీ తగ్గదు. మధ్యమ విచలనంతో ఇలా విడగొట్టలేం. వర్గం చేయడానికి గట్టి కారణం చివర్లో కనిపిస్తుందన్నది దీని గురించే. 1918లో గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ వారసత్వ లక్షణాల మీద రాసిన పత్రంలో విస్తృతిని ముందుకు తెచ్చింది కూడా, వేర్వేరు కారణాల వల్ల వచ్చే తేడాలను ఇలా భాగాలుగా విడదీసి మళ్లీ కూడటానికి అది వీలిస్తుందనే.

ఈ విడదీత బడిలో వెంటనే పనికొస్తుంది. పది మార్కుల సగటు తేడా చూసి 'ఏ సెక్షన్ వెనకబడింది' అని కంగారుపడే ముందు, మొత్తం 234.1లో ఆ తేడా వాటా 25 మాత్రమేనని, అంటే సుమారు 11 శాతమని చూడండి. మిగతా 89 శాతం సెక్షన్ల లోపలే ఉంది, అందులోనూ దాదాపు అంతా బీ సెక్షన్‌లోనే ఉంది: వర్గాల మొత్తం 4182లో 3978 ఆ పదిమందివే.